తొలి పురస్కారానికి స్పందన: పేర్ల చిట్టా చదవకుండా కృతజ్ఞత చెప్పే పద్ధతి

విజయవాడలోనైనా గుంటూరులోనైనా సాహిత్య పురస్కార సభ నడిచే వరస దాదాపు ఒకటే. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, అధ్యక్షుల తొలిపలుకులు, అతిథుల ప్రసంగాలు, పుస్తకం మీద ఒకరి సమీక్ష. తర్వాత శాలువా, జ్ఞాపిక, సన్మాన పత్రం, నగదు కవరు. అవన్నీ అయ్యాక ‘పురస్కార గ్రహీత స్పందన’ అని పిలుస్తారు. దాని తర్వాత మిగిలేది వందన సమర్పణ ఒక్కటే.

ఈ వరసలోనే అసలు సంగతి ఉంది. వేదిక మీదివాళ్లందరి పేర్లూ, హాలు ఇచ్చినవాళ్ల పేర్లూ, మైకు పెట్టినవాళ్ల పేర్లూ చెప్పే పని వందన సమర్పణ చేసేవారిది. తొలిసారి పురస్కారం అందుకునేవారు తెలియకుండానే ఆ పని తమ మీద వేసుకుంటారు. తమకిచ్చిన మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు పేర్లకే పోతాయి. పుస్తకం ఎలా పుట్టిందో వినాలని కూర్చున్న జనానికి అది వినే అవకాశం పోతుంది.

పద్ధతి స్పష్టంగా కనబడాలని ఇక్కడ ఒకే సందర్భం తీసుకుంటున్నాం. గుంటూరులో ఉండే ఒక రచయిత్రి. మిర్చి తొడిమలు తీసే ఆడకూలీల జీవితాల మీద రాసిన కథలతో ఆమె తొలి సంపుటి వచ్చింది. దానికి విజయవాడ సంస్థ ఒకటి స్మారక పురస్కారం ప్రకటించింది. రచయిత్రి, సంస్థ రెండూ ఉదాహరణ కోసం ఊహించినవే. మీది నాటకమైనా, బోధన అయినా, వ్యవసాయమైనా మెట్లు ఇవే.

చిట్టా ఎందుకు పనికిరాదు

ముందు లెక్క చూద్దాం. మన సభల్లో పేరు ఒంటరిగా రాదు. ‘ప్రముఖ విమర్శకులు, నాకు గురుతుల్యులు, ఫలానా గారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు’ అనాలి. ఈ మాటలు పైకి చదివితే ఆరేడు సెకన్లు పడుతుంది. పద్నాలుగు పేర్లంటే నిమిషంన్నర. విశేషణాలు తీసేద్దామంటే కుదరదు, ఒకరికి ‘ప్రముఖ’ అని ఇంకొకరికి అనకపోతే ఆ తేడా అందరికీ వినపడుతుంది.

రెండో కారణం దీనికన్నా పెద్దది. జాబితా మొదలుపెట్టగానే హాల్లో మీకు తెలిసిన ప్రతివారూ తమ పేరు కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. పద్నాలుగు పేర్లు చెప్తే పదిహేనోవారు నొచ్చుకుంటారు. జాబితాయే లేకపోతే అందులో పేరు లేకపోవడమన్న ప్రశ్న రాదు. అందుకే సగం జాబితా అన్నిటికన్నా చేటు. నాలుగు పేర్లు చెప్పి ‘ఇంకా ఎంతోమంది ఉన్నారు, సమయం లేక చెప్పలేకపోతున్నాను’ అంటే, ఆ నలుగురూ ముఖ్యులు, మిగతావారు కాదు అని ప్రకటించినట్టే.

కాబట్టి నియమం ఇలా పెట్టుకోండి. ప్రసంగం మొత్తంలో రెండు పేర్లకే చోటు. ఒకటి, ఆ పురస్కారం ఎవరి స్మృతిలో ఇస్తున్నారో వారిది. రెండోది, మీ పని మీద కంటికి కనిపించే గుర్తు వదిలిన ఒక్క మనిషిది. ఆ రెండో పేరును కూడా అవసరమైతే వదిలేయవచ్చు, ఎందుకో కింద చెప్తాం.

నిర్వాహకులను ముందే అడగాల్సినవి

కనీసం వారం ముందు ఫోన్ చేసి నాలుగు సంగతులు తెలుసుకోండి. స్పందనకు ఎన్ని నిమిషాలిస్తున్నారు? వందన సమర్పణ ఎవరు చేస్తున్నారు? పురస్కారం పూర్తి పేరు ఏమిటి, దాన్ని ఎవరి జ్ఞాపకార్థం ఏ కుటుంబం ఏర్పాటు చేసింది? మీ పుస్తకం మీద మాట్లాడేవారు, సన్మాన పత్రం రాసేవారు ఏయే విషయాలు చెప్పబోతున్నారు?

చివరి ప్రశ్నను చాలామంది అడగరు. సన్మాన పత్రంలో మీ పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, రచనల వివరాలన్నీ వస్తాయి. మీరు మళ్లీ అవే చెప్తే జనం అదే సంగతి రెండోసారి వింటారు. పత్రం ప్రతి ఒకటి ముందుగా తెప్పించుకుంటే అందులో ఉన్నవన్నీ మీ ప్రసంగంలోంచి కొట్టేయవచ్చు. పత్రంలో తప్పులుంటే సరిచేయించడానికి కూడా అదే సమయం. వేదిక మీద ‘పత్రంలో ఒక చిన్న పొరపాటు దొర్లింది’ అని చెప్పడం రాసినవారిని బాధపెడుతుంది.

స్మారక పురస్కారమైతే ఆ పెద్దమనిషి గురించి ఒక నిజమైన విషయం తెలుసుకోండి. వారి కుటుంబం చాలాసార్లు ముందు వరసలోనే కూర్చుని ఉంటుంది. పేరు, ఇంటిపేరు, అక్షరాలు తప్పు లేకుండా రాసుకుని, పైకి పలికి చూసుకోండి. సభలో ఇక మీరు ఏ పేరు వదిలేసినా ఫర్వాలేదు గాని, ఈ పేరు తప్పు పలికితే మాత్రం సర్దుకోవడానికి వీలుండదు.

చిట్టా రాయండి, వేదిక మీద చదవడానికి మాత్రం కాదు

ఇప్పుడు కాగితం తీసి గుర్తొచ్చిన పేర్లన్నీ రాసేయండి. వడపోత తర్వాత. మన రచయిత్రి రాస్తే దాదాపు ఇలా వస్తుంది: అమ్మానాన్నలు, భర్త, అత్తగారు, కాలేజీలో తెలుగు చెప్పిన మాస్టారు, మొదటి కథ అచ్చువేసిన సంపాదకులు, ముందుమాట రాసిన విమర్శకులు, ముఖచిత్రం వేసినవారు, డీటీపీ చేసినవారు, ప్రచురించినవారు, రాతప్రతి చదివిన ఇద్దరు స్నేహితులు, మిర్చి యార్డు దగ్గర పరిచయమైన ఒక గుమస్తా, తొడిమలు తీసే పనిలో ఉన్న ఒక కూలీ.

ప్రతి పేరు ఎదురుగా ఒక క్రియ రాయండి. వారు సరిగ్గా ఏం చేశారు? ‘ప్రోత్సహించారు’, ‘అండగా నిలిచారు’, ‘ఆశీర్వదించారు’ అన్న మాటలు పనికిరావు, వాటిని ఎవరి ఎదురుగానైనా రాయవచ్చు. చూస్తే కనబడే పనే రాయాలి. అత్తగారి ఎదురుగా ‘సాయంత్రాలు పిల్లల్ని చూసుకున్నారు’ అని వస్తుంది. స్నేహితురాలి ఎదురుగా ‘మూడో కథలో రెండు పేజీలు కొట్టేసింది’ అని వస్తుంది. గుమస్తా ఎదురుగా ‘మిర్చి బస్తాలు ఎలా తూస్తారో చూపించాడు’ అని వస్తుంది.

కూలీ ఎదురుగా వచ్చింది ఇది: ‘కథ చివర తప్పని చెప్పింది’. రచయిత్రి ఆ కథలో తొడిమలు తీస్తున్నంతసేపూ చేతులు భగ్గుమంటున్నట్టు రాసింది. కథ చదివి వినిపిస్తే ఆ కూలీ అన్నది ఒక్కటే: ‘పనిలో ఉన్నప్పుడు మంట తెలియదమ్మా. ఇంటికెళ్లి పిల్ల ఏడిస్తే కళ్లు తుడవబోతాం చూడు, అప్పుడు చెయ్యి ఆగిపోద్ది.’ రచయిత్రి ఇంటికి వచ్చి కథ ముగింపు మార్చింది.

ఎంచుకోవలసింది ఇదే. పరీక్ష ఏమిటంటే, ఆ మనిషి లేకపోతే పుస్తకంలో ఏ పేజీ మరోలా ఉండేదో వేలుపెట్టి చూపించగలగాలి. అత్తగారి సాయం ఏమీ తక్కువ కాదు, ఆ సాయం లేకపోతే పుస్తకమే లేదు. కానీ దాన్ని ఒక పేజీగా చూపించలేం. ఆ కృతజ్ఞత చెప్పడానికి వేరే దారి ఉంది, అది తర్వాతి మెట్టు.

ఎంపికలో ఇంకో రెండు జాగ్రత్తలు. సంపాదకులో, అకాడమీ పెద్దలో, మీకు రేపు మళ్లీ పని పడే మనిషో అయితే, మీ మాట ఎంత నిజమైనా హాలు దాన్ని మొహమాటంగానే వింటుంది. మీకు తిరిగి ఏమీ చేయలేనివారిని ఎంచుకుంటే మాటకు బలం వస్తుంది. రెండోది, వారి అనుమతి. ‘సభలో మీ సంగతి చెప్తాను, పేరు కూడా చెప్పనా?’ అని అడిగి తీరాలి. వద్దంటే పేరు వదిలేసి పని మాత్రం చెప్పండి. పేరు పోయినా కృతజ్ఞత ఏమీ తగ్గదు, ఎందుకంటే జనానికి గుర్తుండేది ఆ పిల్ల కళ్లూ, ఆగిపోయిన చెయ్యీ.

మిగతా పదముగ్గురికి సభకు ముందే ఫోన్

ఇది మానేస్తే పైన చేసినదంతా వృథా. సభకు రెండు మూడు రోజుల ముందు చిట్టాలో ఉన్న ప్రతివారికీ ఫోన్ చేయండి, దగ్గరలో ఉన్నవారిని కలవండి. క్రియల కాగితం ఇక్కడ పనికొస్తుంది. ‘మీరు మూడో కథలో రెండు పేజీలు తీసేయమనకపోతే ఆ కథ నిలబడేది కాదు. సభలో పేర్లు చదవడం లేదు, అందుకే ముందుగా మీతో చెప్తున్నాను’ అంటే చాలు.

సభ తర్వాత చేస్తే ఎందుకు సరిపోదంటే, అప్పటికే వారు హాల్లో కూర్చుని తమ పేరు కోసం ఎదురుచూసి ఉంటారు. మీ ఫోన్ సంజాయిషీలా వినపడుతుంది. ముందే చేస్తే అది నిజమైన కృతజ్ఞత, వేదిక మీద ఆరేడు సెకన్లలో వచ్చిపోయే పేరుకన్నా ఎంతో ఎక్కువ. ముందుమాట రాసినవారికీ, ముఖచిత్రం వేసినవారికీ పుస్తకంలో కృతజ్ఞతల పేజీ ఎలాగూ ఉంది, మలిముద్రణలో మరింత వివరంగా రాయవచ్చు.

ఇంట్లోవాళ్ల సంగతి కొంచెం సున్నితం. మన దగ్గర దంపతులిద్దరినీ వేదిక మీదికి పిలిచి సన్మానం చేయడం మామూలే. భర్తకో భార్యకో శాలువా కప్పడమే అక్కడ గుర్తింపు. దాని మీద మళ్లీ పేరా అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు.

ప్రసంగం కట్టే తీరు

నింపాదిగా మాట్లాడితే తెలుగులో నిమిషానికి ఎనభై నుంచి వంద మాటలకు మించి పోవు. మన మాటలు పొడుగు, హాల్లో ప్రతిధ్వని కూడా ఉంటుంది. మూడు నిమిషాలు ఇచ్చారంటే రెండున్నర నిమిషాలకు రాయండి, అంటే సుమారు రెండు వందల మాటలు. ఫోన్‌లో టైమర్ పెట్టి, నిలబడి, పైకి చదివి సరిచూసుకోండి. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే వస్తుంది.

సంబోధన ఒక్క వాక్యమే. ‘వేదిక మీది పెద్దలకు, ముందున్న మీ అందరికీ నమస్కారం.’ అధ్యక్షుల నుంచి ఆత్మీయ అతిథి దాకా ఒక్కొక్కరినీ సంబోధించే ఆచారం మీ ముందు మాట్లాడినవారు పాటించే ఉంటారు. మీరూ పాటిస్తే చిట్టా వెనక తలుపు గుండా వచ్చేసినట్టే.

తర్వాత పురస్కారం, దాని వెనకున్న మనిషి. తర్వాత ఆ ఒక్క రుణం, ప్రసంగంలో సగం దానికే. ఆ తర్వాత మిగతావారందరినీ పేర్లతో కాక పనులతో తలుచుకునే ఒక వాక్యం. చివర మళ్లీ పుస్తకం దగ్గరికి. మన రచయిత్రి ప్రసంగం ఇలా ఉండవచ్చు:

‘వేదిక మీది పెద్దలకు, ముందున్న మీ అందరికీ నమస్కారం.

ఫలానా గారి స్మారక పురస్కారం ఈ ఏడాది నా తొలి సంపుటికి ఇచ్చారు. ఆయన బడిపంతులుగా పనిచేస్తూ, జీతం డబ్బుల్లోంచి ఊళ్లో గ్రంథాలయం నడిపారని వారి అమ్మాయిగారు చెప్పారు. నేను కథలు చదవడం నేర్చుకున్నది అలాంటి గ్రంథాలయంలోనే. ఆయన పేరు నా పుస్తకం పక్కన చేరడం నాకు చాలా సంతోషం.

ఈ పుస్తకంలో ఆఖరి కథ ముగింపు నాది కాదు. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే ఒకావిడకి ఆ కథ చదివి వినిపించాను. పని చేస్తున్నంతసేపూ ఆమె చేతులు మండుతున్నట్టు రాశాను. ఆమె విని, పనిలో ఉన్నప్పుడు మంట తెలియదమ్మా అంది. ఇంటికెళ్లి పిల్ల ఏడిస్తే కళ్లు తుడవబోతాం చూడు, అప్పుడు చెయ్యి ఆగిపోద్ది అంది. నేను ఎన్నో రోజులు మిర్చి యార్డు చుట్టూ తిరిగాను. ఆ చెయ్యి ఆగడం నాకు కనపడలేదు. ఆ రాత్రే ముగింపు మార్చాను. పేరు చెప్పవద్దన్నారు, చెప్పడం లేదు. ఆ పేజీ మాత్రం ఆవిడదే.

నా కథల్లో అనవసరమైనవి కొట్టేసినవారికి, అచ్చువేసినవారికి, బొమ్మ గీసినవారికి, నేను రాసుకుంటుంటే మా పిల్లలకి అన్నం పెట్టినవారికి నా నమస్కారం. మీకు విడివిడిగా చెప్పుకున్నాను, ఇక్కడ మళ్లీ చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు రాస్తున్నది యార్డుకి పిల్లల్ని వెంట తీసుకొచ్చే తల్లుల గురించి. అది పూర్తయ్యాక ముందు ఆవిడకే చదివి వినిపిస్తాను. సెలవు.’

గమనించండి, ఇందులో ‘కృతజ్ఞతలు’ అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ‘అన్నం పెట్టినవారికి’ అన్నప్పుడు అత్తగారికి అది తన గురించేనని తెలుస్తుంది. ‘కొట్టేసినవారికి’ అన్నప్పుడు స్నేహితురాలికి తెలుస్తుంది. బయటివారికి పేర్లు అక్కర్లేదు, లోపలివారికి పని పేరు చాలు. ‘సహకరించిన అందరికీ’ అని ఉంటే ఈ రెండూ జరగవు, ఎవరికీ తమ గురించి అన్నట్టు అనిపించదు.

ఎక్కడ చెడుతుంది

‘నేనేమంత గొప్పగా రాయలేదు, ఈ పురస్కారానికి అర్హురాలిని కాదు’ అనడం వినయంగా అనిపిస్తుంది. కానీ పుస్తకాలన్నీ చదివి మీది ఎంచిన న్యాయనిర్ణేతలు పక్కనే కూర్చుని ఉంటారు. వారి తీర్పు తప్పని వారి ముందే అన్నట్టవుతుంది. సంతోషంగా ఉందని చెప్పడంలో గర్వం లేదు. ‘ఈ పురస్కారం నా బాధ్యతను మరింత పెంచింది’ అన్న వాక్యం కూడా వదిలేయండి. దాని బదులు ఇప్పుడు ఏం రాస్తున్నారో చెప్తే ఆ బాధ్యత ఏమిటో అదే తెలుస్తుంది.

ఇంకో ప్రమాదం వేదిక మీదే పుడుతుంది. కింద కూర్చున్న పాత మాస్టారు కంట పడతారు. కాగితంలో లేని పేరు నోట్లోంచి వచ్చేస్తుంది. ఒక పేరు వచ్చాక రెండోది, మూడోది ఆగవు. దీనికి విరుగుడు, మాట్లాడేటప్పుడు ముందు వరసను కాకుండా హాలు మధ్య వరసలను చూడటం. తెలిసిన ముఖాలు సాధారణంగా ముందే కూర్చుంటాయి. నోరు జారి ఒక పేరు వచ్చేస్తే అక్కడితో ఆపి, వెంటనే కాగితంలో తర్వాతి వాక్యానికి వెళ్లండి. సర్దిచెప్పబోతేనే చిట్టా మొదలవుతుంది.

నిర్వాహకులు చివరి నిమిషంలో చెవిలో ‘దాతగారి పేరు కూడా ఒకసారి అనండి’ అని చెప్పవచ్చు. ‘వందన సమర్పణలో చెప్తున్నారు కదండీ’ అని నెమ్మదిగా గుర్తుచేయండి. పట్టుబడితే పురస్కారం గురించి చెప్పే వాక్యంలో ఆ పేరును కలిపేయండి, విడిగా వాక్యం కట్టకండి.

చేతులు, కాగితం, మైకు

స్పందనకు పిలిచే సమయానికి మెడలో దండ, భుజాన శాలువా, ఒక చేతిలో జ్ఞాపిక, ఇంకో చేతిలో పత్రం, కవరు ఉంటాయి. కాగితం ఎక్కడుందో వెతుక్కోవడంలోనే గాభరా మొదలవుతుంది. మీ మనిషినొకరిని ముందే మాట్లాడుకుని వేదిక పక్కన నిలబెట్టండి. ఫొటోలు కాగానే అన్నీ వారికి అందించేయండి. దండ తీసేయండి, అది మైకుకు తగిలితే గరగర మంటుంది. శాలువా జారుతుంటే మడిచి చేతి మీద వేసుకోండి.

ప్రసంగం ఫోన్‌లో పెట్టుకోకండి. మధ్యలో తెర ఆరిపోతుంది, లేదా అభినందనల కాల్ వస్తుంది. పెద్ద అక్షరాల్లో, పద్దెనిమిది పాయింట్ల సైజులో, ఒకే పక్కన ముద్రించండి. ఆ కాగితాన్ని మీ పుస్తకంలోనే పెట్టుకుని వేదిక ఎక్కితే వెతుక్కోనక్కర్లేదు, పుస్తకం చేతిలో ఉండటం కూడా బాగుంటుంది. కళ్లద్దాలు దానితోపాటే ఉండాలి.

కంఠం పూడుకుపోతే ఆగండి. మంచినీళ్లు అడగండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆ వాక్యం మొదటి నుంచి చదవండి, మధ్య నుంచి కాదు. ఆ నిశ్శబ్దాన్ని నింపాలని సొంతంగా మాట్లాడటం మొదలుపెడితే అక్కడే పేర్లు దొర్లుతాయి.

సమయం కోసేస్తే

ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం, సభ రాత్రి దాకా సాగడం, గుంటూరు బస్సు అందుకోవాలని జనం లేవడం మామూలే. అధ్యక్షులు చీటీ పంపి ‘ఒక్క నిమిషంలో ముగించండి’ అంటారు. దీనికి ఇంటి దగ్గరే సిద్ధపడాలి. కాగితం మీద ఎర్ర పెన్నుతో గీత గీసుకోండి. సంబోధన ఉంచండి. పురస్కారం పేరూ, సంతోషంగా ఉందన్న మాటా ఉంచండి, గ్రంథాలయం సంగతి తీసేయండి. కూలీ సంగతి ‘ఆఖరి కథ ముగింపు నాది కాదు’ నుంచి ‘ఆ పేజీ మాత్రం ఆవిడదే’ దాకా ఉంచండి, యార్డు చుట్టూ తిరిగిన వాక్యం తీసేయండి. మిగతావారికి నమస్కారం చెప్పే వాక్యం ఉంచండి, దానికి పట్టేది పది పదిహేను సెకన్లే. రాబోయే పుస్తకం సంగతి తీసేయండి. ఈ పొట్టి రూపాన్ని కూడా ఇంటి దగ్గర రెండుసార్లు పైకి చదివి, కాస్త అటూ ఇటూగా నిమిషంలో అవుతోందో లేదో చూసుకోండి.